ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు

అమ్మడూ,

మీ ఆయన పెద్దకర్మ అయిన మర్నాడే మీ బావగారు కాగితాలు తెచ్చి "బ్యాంకు పనమ్మా, ఇక్కడొక సంతకం పెట్టు" అన్నాడని చెప్పావు. నువ్వు పెట్టలేదు, బతికించావు. ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసినదాన్ని, అదేమై ఉంటుందో నాకు తెలుసు. హక్కు విడుదల దస్తావేజు, అంటే నీ వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం. "ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా" అని ఏడుస్తూ కూర్చున్న ఆడవాళ్ల పేరు మీద నేనే ఎన్నిసార్లు రాశానో. ఒకసారి రిజిస్టరయితే దాన్ని రద్దు చేయించడానికి కోర్టు చుట్టూ తిరగాలి.

కొడుకు ఆస్తి తండ్రికే వస్తుందని మీ మామగారు అంటున్నారట. రాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన మగవాడి స్వార్జితం భార్యకూ పిల్లలకూ తల్లికీ సమానంగా వెళ్తుంది. వీళ్లలో ఒక్కరున్నా తండ్రికి వాటా లేదు. మన అబ్బాయి తన జీతంతో కొన్న 180 గజాల స్థలంలో నీకు 60, పాపకు 60, మీ అత్తగారికి 60. ఆవిడ వాటా ఆవిడదే, దాన్ని కాదనకు. రేపు నువ్వు మళ్లీ పెళ్లి చేసుకున్నా నీ 60 గజాలు ఎక్కడికీ పోవు.

పాప వాటా సంగతి మీ బావగారికి తెలిసినట్టు లేదు. మైనరు స్థలాన్ని అమ్మాలన్నా, వదులుకోవాలన్నా తల్లివైన నీ సంతకం ఒక్కటే చాలదు, ముందు కోర్టు అనుమతి ఉండాలి. ఈ మాట ఒక్కటి మెల్లగా వాళ్ల చెవిన వెయ్యి.

పొలం లెక్క వేరు. అది మామగారి స్వార్జితమైతే ఆయన బతికుండగా నువ్వు అడగలేవు. తాతల నాటిదైతే అబ్బాయికి అందులో భాగముంది, పాపకూ పుట్టుకతోనే ఉంది. ఏది ఏమిటో పాత కాగితాలు చూశాకే చెప్పగలను.

అసలు దస్తావేజు వాళ్ల బీరువాలో ఉందని టెన్షన్ పడకు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. దాంతోపాటు ఈసీ తీస్తే ఆ స్థలం మీద ఈమధ్య ఏమైనా రాయించారా అన్నదీ బయటపడుతుంది. మరణ ధ్రువపత్రం వచ్చాక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి నువ్వే అర్జీ పెట్టు. వాళ్లు పెడితే నీ పేరో పాప పేరో జారిపోవచ్చు. అలా జారిపోయినవి చూశాను.

మాటలతో తేలకపోతే భాగపంపిణీ దావా వేద్దాం. అది తేలేదాకా స్థలం అమ్మకుండా ఇంజంక్షన్ అడగొచ్చు. వకీలు ఫీజుకి గాజులు తాకట్టు పెడతానన్నావు, అక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మీ ఇద్దరి ఆధార్ జిరాక్సులు, పాప పుట్టిన సర్టిఫికెట్, మీ పెళ్లి ఫోటో ఒకటి తీసి ఉంచు. ఈలోపు మీ బావగారు మళ్లీ కాగితం తెస్తే, "పెద్దమ్మ చదివాక పెడతాను" అని ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ