లగ్నాధిపతి పదింట ఉంటే

సందేహం: మా తమ్ముడి కొడుకు జాతకంలో వృశ్చిక లగ్నం, లగ్నంలో గురువు, సింహంలో కుజుడు, తులలో రవి అని ఉంది. కింద ‘లగ్నాధిపతి కుజుడు దశమగతుడు’ అని రాశారు. లగ్నంలో కూర్చున్నది గురువైతే అధిపతి కుజుడెలా అవుతాడు? తన ఇంట్లో లేనివాణ్ణి అధిపతి అనవచ్చా? శుభలేఖలో వేసే లగ్నమూ ఈ లగ్నమూ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అనవచ్చు తల్లీ. మీ సిద్ధాంతిగారు రాసింది శుద్ధమైన వాక్యం. అయితే మీ మూడో ప్రశ్న తేలితే తప్ప మొదటి రెండూ తేలవు. అందుకని ‘లగ్నం’ దగ్గరే మొదలుపెడతాను.

సంస్కృతంలో ‘లగ్’ ధాతువుకు అంటుకొను, తగులుకొను అని అర్థం. దానినుంచి వచ్చిన ‘లగ్న’ మొదట విశేషణం. అంటుకొని ఉన్నది అని దాని భావం. దేన్ని అంటుకొని? తూర్పు దిక్కున నేలా నింగీ కలిసే గీతను. బిడ్డ భూమ్మీద పడిన క్షణంలో ఆ గీతను తాకుతూ ఏ రాశి పైకి వస్తుంటే అది లగ్నం. అమరసింహుడు ‘రాశీనాముదయో లగ్నమ్’ అని ఒక్క ముక్కలో తేల్చాడు. ‘మనసు లగ్నం చేసి చదువు’ అని పిల్లలకు చెప్పేటప్పుడు మనం వాడేదీ ఈ మాటే. మనసును పుస్తకానికి అంటించమనడమే అది.

ఇక ఆకాశంలోని రాశి శుభలేఖ మీదికి ఎలా దిగిందో చెప్పాలంటే నాకు పోతన తప్ప మరొకరు గుర్తుకు రారు. అగ్నిద్యోతనుణ్ణి ద్వారకకు పంపి రుక్మిణి ఎదురుచూస్తోంది. పొద్దు గడుస్తోంది. ఆ బ్రాహ్మణుడి జాడ లేదు. ‘లగ్నం బెల్లి, వివాహముం గదిసె, నేలా రాఁడు గోవిందుఁడు’ అంటుంది. ‘ఎల్లి’ అంటే రేపు. ‘ఎల్లుండి’ని మిగుల్చుకుని ‘ఎల్లి’ని పోగొట్టుకున్నాం, అది వేరే బాధ. ఇక్కడ లగ్నమంటే ఉదయించే రాశి కాదు, ఆ రాశి ఉదయించే వేళ, అంటే ముహూర్తం. ‘లగ్నం రేపే’ అనగానే ఆ పిల్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వినిపిస్తుంది. శార్దూలంలో మొదటి పాదం అలా ఎత్తుకున్నాక ప్రాస తప్పించుకోవడానికి వీల్లేదు. రెండో పాదంలో మానసం ‘ఉద్విగ్నం’ అయింది. మూడో పాదంలో ‘అగ్నిద్యోతనుఁడు’ ఎందుకు ఆలస్యం చేశాడన్న బెంగ. నాలుగో పాదంలో తన యత్నం ‘భగ్నం’ అవుతుందేమోనన్న భయం. లగ్నంతో మొదలై భగ్నం దాకా వెళ్లిన నాలుగు పాదాల్లో ఒక రాత్రి మొత్తం ఉంది. లగ్నం అంటే అతుక్కున్నది, భగ్నం అంటే విరిగిపోయింది. రెండూ ఒకే తీరున ఏర్పడ్డ పదాలు, అర్థాలు మాత్రం ఎదురెదురు. వాటిని ఒకే ప్రాసకు కట్టి ఆ పిల్ల నోట పలికించినవాడు మహాకవి.

పోతన పుట్టిన బమ్మెర చుట్టుపక్కల ఈనాటికీ పెళ్లిని ‘లగ్గం’ అంటారు. అగ్ని ‘అగ్గి’ అయినట్టే లగ్నం ‘లగ్గం’ అయింది. రాశి ఉదయం, ఆ ఉదయవేళ, ఆ వేళలో జరిగే పెళ్లి అంటూ అర్థం మెట్లు దిగుతూ వచ్చింది. ‘లగ్గం’ రాసిన విద్యార్థిని తప్పుదిద్ది ‘వివాహం’ అని రాయించే ఉపాధ్యాయులున్నారు. అది దిద్దడం కాదు, చెరపడం. కాబట్టి శుభలేఖలో ‘సింహ లగ్నమందు’ అని వేసినా, జాతకంలో ‘వృశ్చిక లగ్నం’ అని రాసినా మాట ఒకటే. ఒకటి పెళ్లి క్షణానికి తూర్పున ఉన్న రాశి, మరొకటి పుట్టిన క్షణానికి తూర్పున ఉన్న రాశి.

ఇప్పుడు అధిపతి. ‘పతి’ అంటే రక్షించేవాడు. రక్షణ అనే అర్థమున్న ‘పా’ ధాతువునుంచి వచ్చింది. ‘అధి’ అంటే పైన. మీద ఉండి కాపాడేవాడు అధిపతి. ఆ ఇంట్లోనే కాపురముండాలన్న షరతు ఆ మాటలో ఎక్కడా లేదు. ఖమ్మంలో ఇల్లున్న మనిషి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆ ఇంటిని ఇంకొకరికి ఇస్తే, ఇల్లు ఉంటున్నవాడిది అయిపోదు కదా. మేషం, వృశ్చికం ఎప్పటికీ కుజుడివే. వాటిలో ఎవరు దిగినా దిగకపోయినా ఆ హక్కు మారదు. దిగినవాడికి వేరే మాటలున్నాయి: లగ్నస్థుడు, లగ్నగతుడు. మీ చక్రంలో గురువు లగ్నస్థుడు, కుజుడు లగ్నాధిపతి. ఈ రెంటినీ కలిపేసి ‘లగ్నంలో గురువు అధిపతిగా కూర్చున్నాడు’ అని టీవీల్లో చెబుతుంటే చెవులు మూసుకోవలసి వస్తోంది. అలా అనదగింది ధనుర్లగ్నంలోనో మీన లగ్నంలోనో గురువు ఉన్నప్పుడే.

యజమాని బయట ఉన్నాడన్న ఈ ఒక్క విషయం మీదే జాతకమంతా నడుస్తుంది. లగ్నం తెలిస్తేనే ఏ రాశి ఎన్నో ఇల్లో తెలుస్తుంది. ఏ గ్రహం దేనికి అధిపతో తెలిసేదీ అప్పుడే. లగ్నం ఆ మనిషి శరీరానికీ తత్త్వానికీ చోటు. దాని అధిపతి ఏ ఇంటికి వెళ్తే మనిషి పట్టుదల అటు వెళ్తుందని శాస్త్రం. మీ పిల్లవాడికి వృశ్చికం నుంచి లెక్కిస్తే సింహం పదోది, రాజ్యస్థానం, అంటే చేసే పనికీ పేరుకూ చోటు. కుజుడికి అది దిగ్బలం దొరికే స్థానం, పైగా మిత్రుడైన రవి ఇల్లు. ఇంతకన్నా ముఖ్యమైనది అతని చూపు. అన్ని గ్రహాలకూ ఏడో ఇంటి మీద చూపు ఉంటుంది, కుజుడికి దాంతోపాటు నాలుగు, ఎనిమిది ఇళ్ల మీద కూడా ఉంటుంది. సింహం నుంచి నాలుగోది వృశ్చికమే. అంటే ఊరు విడిచి వెళ్లిన యజమాని అక్కడినుంచే తన ఇంటిని చూసుకుంటున్నాడు. ‘దశమగతుడు’ అన్న చిన్న మాట వెనుక ఇంత ఉంది.

అయితే అక్కడితో ఆగి పిల్లవాడికి రాజయోగం అని పండగ చేసుకోవద్దు. కుజుడు ఉంటున్న ఇంటి యజమాని రవి ఎలా ఉన్నాడో చూడాలి. మీరు రాసిన ప్రకారం అతను తులలో ఉన్నాడు. అది అతనికి నీచరాశి. వృశ్చిక లగ్నానికి అది పన్నెండో ఇల్లు కూడా. ఆశ్రయమిచ్చినవాడే నీరసంగా ఉంటే అతిథి బలం పూర్తిగా పనికిరాదు. పని చేయాలన్న పట్టుదల ఉంటుంది గాని దాని ఫలం ఖర్చుల్లోకో, దూరదేశాలకో పోతుందని చెప్పేవారున్నారు. తుల యజమాని శుక్రుడు కేంద్రంలో ఉంటే ఆ నీచత్వం పోయి నీచభంగం అవుతుందని చెప్పేవారూ ఉన్నారు. శుక్రుడు ఎక్కడున్నాడో మీరు రాయలేదు. కుజుడికి మేషం కూడా సొంతం కాబట్టి ఆరో ఇంటి ఆధిపత్యం కూడా అతనిదే. లగ్నం కేంద్రమూ కోణమూ రెండూ అయినందువల్ల లగ్నాధిపత్యమే పైచేయి అని పెద్దలు అంటారు. ఇవన్నీ గట్టిగా పైకి వచ్చేది కుజ మహాదశలో, ఏడేళ్లు. ఫలం చెప్పడం నా పని కాదు, ఏ మాట ఏ మాటను ఆసరా చేసుకుందో చూపడం వరకే.

తప్పు దొర్లేది సాధారణంగా ఫలం దగ్గర కాదు, పుట్టిన వేళ దగ్గర. సూర్యోదయానికి లగ్నం రవి ఉన్న రాశే అవుతుంది. ఆ తర్వాత ఒక్కో రాశి ఉదయించడానికి సుమారు అయిదు ఘడియలు, అంటే రెండు గంటలు పడుతుంది. రాశిని బట్టి, ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. రవి తుల నడుమ ఉంటే, పొద్దుపొడిచిన గంటకు వృశ్చికం మొదలై ఇంకో రెండు గంటలకు పైగా ఉంటుంది. ఆ లెక్కన ఆ పిల్లవాడు సుమారుగా ఉదయం ఏడుంబావుకూ తొమ్మిదిన్నరకూ మధ్య పుట్టి ఉండాలి. సాయంత్రం పుట్టాడని ఇంట్లో చెప్పుకుంటుంటే చక్రమే తప్పు. ఒక్క డిగ్రీ దాటడానికి పట్టేది నాలుగు నిమిషాలే. లగ్నం ఇరవై తొమ్మిదో డిగ్రీలోనో, సున్నా దగ్గరో ఉంటే దాన్ని సంధి అంటారు. వృశ్చికం చివరి డిగ్రీలో ఉంటే ఆసుపత్రి గడియారం అయిదు నిమిషాలు వెనకున్నా ధనుర్లగ్నం అయిపోతుంది. రాశిచక్రం మొదలు ఎక్కడో తేల్చే అయనాంశ వేరైనా అంతే. అదే జరిగితే మీ గురువు నిజంగానే లగ్నాధిపతి అవుతాడు. లగ్నంలో ఉన్నందుకు మాత్రం కాదు, ధనుస్సు అతని సొంత ఇల్లు అయినందుకు. పైగా అప్పుడతను ఉండేది పన్నెండో ఇంట్లో. కుజుడు తొమ్మిదో ఇంటికి వెళ్తాడు, పైన చెప్పిందంతా మారిపోతుంది.

‘నాది వృశ్చికం’ అంటారే, అది లగ్నమో చంద్రుడున్న రాశో చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు. వారఫలాలు చదివేది చంద్రరాశికి.

రాతలో తప్పుల సంగతి. లగ్న, అధిపతి సవర్ణదీర్ఘంతో లగ్నాధిపతి. ‘లగ్నాదిపతి’ అని ఒత్తు ఎగరగొడితే ‘ఆది’ వచ్చి అర్థం పాడవుతుంది. అంతకన్నా బాధపెట్టేది ‘రాశ్యాధిపతి’. రాశి ఇకారాంతం, యణాదేశం వస్తుంది కాబట్టి ‘రాశ్యధిపతి’ అనాలి, దీర్ఘం రాదు. ‘కోట్యాధిపతి’కీ ఇదే జబ్బు. లగ్నేశుడు, లగ్ననాథుడు రెండూ సాధువులే, పద్యంలో గణానికి ఏది సరిపోతే అది వాడుకోవచ్చు.

మీరు అడగకపోయినా ఒకటి. మా పెద్దవాళ్లు ‘దశమగతుడు’ అనేవారు కాదు, ‘లగ్నాధిపతి పదింట ఉన్నాడు’ అనేవారు. అందులో ‘ఇంట’ ఇల్లు అనే మాటే అని కొందరంటారు, అర్థం కూడా చక్కగా కుదురుతుంది. నాకు మాత్రం అది ‘రెండింటికి, పదింటికి’లో కనిపించే సంఖ్యావాచకపు విభక్తి రూపమే అనిపిస్తుంది. అయితే ఇంట ఇల్లు వినిపిస్తోందనేవారితో గట్టిగా వాదించలేను. ఏది నిజమైనా ‘పదింట కుజుడు’ అనడానికి మీరు సందేహించనక్కర్లేదు. చక్రంలో లగ్నం ఎన్ని డిగ్రీల దగ్గరుందో మాత్రం ఒకసారి చూసుకోండి.