అఫెక్టా, ఎఫెక్టా?

“ప్రూఫ్‌రీడింగ్ ఎక్సర్‌సైజులో ‘ద రెయిన్ ఎఫెక్టెడ్ ద క్రాప్’ అని ఉంది. స్పెల్‌చెక్ తప్పు చూపట్లేదు. మార్చాలా?”

మార్చాలండీ. రెండు స్పెల్లింగులూ నిఘంటువులో ఉన్నవే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు. ఇక్కడ వాన పంటను దెబ్బతీసింది, అంటే అది క్రియ. కాబట్టి మొదటి అక్షరం ‘ఏ’ ఉండాలి: అఫెక్టెడ్. ముందు ‘ద’, ‘ఎన్’ లాంటివి వస్తే అది నామవాచకం, అప్పుడు ‘ఈ’తో ఎఫెక్ట్.

మనవాళ్లకు అసలు చిక్కు ‘పంట మీద ప్రభావం చూపింది’ అనే అలవాటుతో వస్తుంది. ఆ ‘మీద’ వల్ల ‘అఫెక్టెడ్ ఆన్ ద క్రాప్’ అని రాసేస్తాం. అఫెక్ట్ తర్వాత ‘ఆన్’ రాదు. ‘హ్యాడ్ ఎన్ ఎఫెక్ట్ ఆన్’ అన్నప్పుడే వస్తుంది.

ఒక్క మినహాయింపు: ‘ఎఫెక్టెడ్ ఎ చేంజ్’ అంటే మార్పు తీసుకొచ్చారని. అక్కడ ‘ఈ’ని దిద్దకండి.