గడిలో ఎవరు మాట్లాడుతున్నారు?

తమ్ముడూ,

నీ నవల మొదటి మూడు చాప్టర్లూ చదివాను. గడి సీన్‌లో జీతగాడు ఎల్లయ్య దొర ఎదురుగా నిలబడి దున్నేవాడికే భూమి అని పేజీన్నర మాట్లాడాడు చూడు, అక్కడ ఆగిపోయాను. మాటలు బాగానే ఉన్నాయి, కానీ అవి ఎల్లయ్యవి కావు, నీవి. ఆ రోజుల్లో ఆ అరుగు మీద అతని నోటినుంచి వచ్చే మాట "నీ బాంచెన్ దొరా" ఒక్కటే, అది కూడా మాట కింద లెక్క కాదు, నోరు మూసుకోవడానికి ఇంకో పద్ధతి. మరి నోరులేనివాళ్ల గురించి రాయాలంటే వాళ్ల నోట్లో మైకు పెట్టక ఏం చెయ్యాలి అని నువ్వు ఫోన్‌లో అడిగావు. దానికి సిద్ధాంతం చెప్పను, ఒక నవల చెబుతాను. పెన్సిల్ పట్టుకుని చదువు.

మనకి దగ్గర్లోని ఒడిశాది. ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియాలో రాసిన 'ఛ మాణ ఆఠ గుంఠ'. 1897 నుంచి రెండేళ్లపాటు 'ఉత్కళ సాహిత్య' పత్రికలో సీరియల్‌గా వచ్చింది, పుస్తకం అయింది 1902లో. పేరుకి అర్థం ఆరు మాణాల ఎనిమిది గుంటల భూమి. అక్కడ మాణం అంటే దాదాపు ఎకరం, మాణానికి పాతిక గుంటలు (మన తెలంగాణ గుంట ఎకరంలో నలభయ్యో వంతు కదా, ఆ లెక్క ఇక్కడ పట్టుకురాకు). ఇంగ్లీషులో 'సిక్స్ ఏకర్స్ అండ్ ఎ థర్డ్' పేరుతో 2005లో మంచి అనువాదం వచ్చింది, అది దొరుకుతుంది.

కథ చిన్నదే. గోవిందపూర్‌లో రామచంద్ర మంగరాజ్ అని జమీందారు, వడ్డీ వ్యాపారి. భగియా, సారియా అని పిల్లల్లేని సాలె దంపతులకి ఆ ఆరెకరాల చిల్లర ఉంది, నేత అనే ఆవు ఉంది. మంగరాజ్‌కి ఆ రెండూ కావాలి. అంతే. మనవాళ్లు రాస్తే మొదటి పేజీలోనే మీసం మెలేసి, కొరడా పట్టుకునేవాడు. సేనాపతి మంగరాజ్‌తో పెద్దగా మాట్లాడించడు. మాట్లాడేదంతా కథకుడే, అదీ మంగరాజ్ పక్షాన వకీలులా.

ఏకాదశి ముచ్చట చూడు, మొదట్లోనే వస్తుంది. మంగరాజ్ ఏడాదిలో ఒక్క ఏకాదశి కూడా తప్పడు, ఆ రోజు నీళ్లూ తులసాకులూ తప్ప ఏమీ ముట్టడు అని కథకుడు భక్తిగా చెబుతాడు. అయితే రాత్రి పడకగదిలో గిన్నెడు పాలూ అరటిపళ్లూ పెడతామనీ, తెల్లారేసరికి ఖాళీ గిన్నె కడుగుతామనీ మంగలి జగా నోరు జారాడట. ఊళ్లోవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. అప్పుడు మన కథకుడు లేచి, కళ్లతో చూసిన సాక్షి ఎవరు, విన్న మాట సాక్ష్యమా అని కోర్టు భాషలో వాదన మొదలెడతాడు. వాదన ఎంత గట్టిగా ఉంటే మంగరాజ్ అంత దొరికిపోతాడు. ఇక్కడ పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకో: గొంతు కథకుడిది, నిజం జగాది. జగా చెప్పింది ఒక్క ముక్క, అది కూడా ఇంకొకళ్ల ద్వారా మనకు చేరింది, ఊరు నవ్విందే తప్ప పెదవి విప్పలేదు. పల్లెల్లో అధికారం నడిచే తీరు ఇదే. అందరికీ తెలుసు, ఎవరూ అనరు, పైకి అనేవాడు మాత్రం పొగుడుతూ ఉంటాడు.

ఇప్పుడు సారియా సంగతి. భూమి పోగొట్టుకునే మనిషి ఆమె, కాబట్టి ఆ భూమి గురించి ఎవరెవరు మాట్లాడుతున్నారో పేజీ పేజీకి పట్టుకుంటూ వెళ్లు. మొదట మంగరాజ్ ఇంట్లో పెత్తనం చేసే చంపా వచ్చి, బిడ్డలు కావాలంటే బూఢీ మంగళ అమ్మవారికి గుడి కట్టించమని నూరిపోస్తుంది. తర్వాత సాక్షాత్తూ అమ్మవారే సారియాతో పలుకుతుంది! ఆ పలుకు ఎక్కణ్నుంచి వచ్చిందో మనకి అర్థమవుతుంది, సారియాకి కాదు. గుడికి డబ్బు కావాలి, భూమి తాకట్టు పడుతుంది, ఆ తర్వాత కాగితం మాట్లాడుతుంది, కోర్టు మాట్లాడుతుంది, ఇల్లు నేలమట్టం అవుతుంది. ఇంత జరిగినా ఎవరూ ఆమెని బెదిరించలేదు. నీ ఇష్టమేంటమ్మా అని అడిగినవాళ్లూ లేరు. దేవత గొంతుని కూడా దొర తరఫువాళ్లే వాడుకోగలిగిన ఊళ్లో ఆమె ఏ గొంతుతో కాదనాలి?

భగియాకి పిచ్చెక్కుతుంది. సారియా మంగరాజ్ ఇంటి వెనక కూర్చుని తిండీనీళ్లూ మానేసి, ఆవు కోసం, భూమి కోసం ఏడుస్తూ చచ్చిపోతుంది. ఉపన్యాసం లేదు, శాపనార్థాల పద్యం లేదు. దానికి మంగరాజ్ ఇల్లాలు ఒక్కతే కుమిలిపోతుంది, ఆమె మాట కూడా ఆ ఇంట్లో చెల్లదు.

తర్వాత వచ్చే కోర్టు చాప్టర్‌ని తొందరగా తిప్పేయకు. ఇక్కడ రాత పద్ధతే మారిపోతుంది, సాక్షుల వాంగ్మూలాలూ డాక్టరు మాటలూ తీర్పూ, అంతా రికార్డు. సారియా బతికి ఉండగా ఆమె గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడలేదు, చచ్చాక అందరూ మాట్లాడుతున్నారు. మంగరాజ్ మీద పెట్టిన హత్యానేరం నిలబడదు. శిక్ష పడేది దేనికి? ఆవుని కాజేసినందుకు. చట్టానికి వినిపించింది ఆవు ఒక్కటే అన్నమాట. సేనాపతి ఈ మాట తన నోటితో అనడు, తీర్పు కాగితం మన ముందు పెట్టి తప్పుకుంటాడు. నీకు ఆ తప్పుకోవడమే ఇంకా చేతకావట్లేదు, నీ ప్రతి సీన్ చివర ఒక వాక్యం వివరణ ఉంటోంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఈ పుస్తకం కూడా అందరికీ గొంతు ఇవ్వలేదు. ఊరి కావలి గోబర జెనా, డోము కులంవాళ్లు ఎక్కువగా దొంగలుగా, దొర పనులు చేసిపెట్టే మనుషులుగానే కనపడతారు. ఆ పనుల్లోకి ఎందుకు దిగారో, వాళ్ల ఇళ్లల్లో ఏం అనుకున్నారో మనకి తెలియదు. కథకుడి వెటకారం మంగరాజ్ మీద ఎంత పదునుగా పనిచేస్తుందో, డోముల దగ్గరికి వచ్చేసరికి అంత మొద్దుబారి ఊరి అభిప్రాయంలోకి జారిపోతుంది. చంపా విషయంలోనూ అంతే, మంగరాజ్‌కి దొరికినన్ని పేజీలు ఆమె మనసుకి దొరకలేదు. సాలెల నిశ్శబ్దం రచయిత కావాలని కట్టింది, డోములది ఆయనకి వినపడనిది. ఈ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందంటావా? మొదటి రకంలో మనిషి మాట్లాడని చోట పుస్తకం ఏదో ఒకటి చూపిస్తుంది, ఖాళీ గిన్నో, ఆవో, కూలిన ఇల్లో. రెండో రకంలో ఏమీ ఉండదు, ఒక కులం పేరూ దాని ముందో తిట్టూ తప్ప.

ఇప్పుడు నీ గడి సీన్‌కి రా. ఎల్లయ్య ఉపన్యాసం తీసెయ్. అతని కొడుకుని జీతానికి పెట్టాలని తేల్చేది ఆ అరుగు మీదే కదా, ఆ మాటలు దొర చేత కూడా అనిపించకు. పట్వారీ చేత అనిపించు, నీ మంచికే అంటూ, లెక్కల పుస్తకం తిప్పుతూ, నవ్వుతూ. అంతసేపూ ఎల్లయ్య చేతులు ఏం చేస్తున్నాయో నువ్వే చూసి రాయాలి, నేను చెబితే అది నా ఎల్లయ్య అవుతాడు. అతను నిజంగా మాట్లాడేది రాత్రి వాడకట్టులో, భార్యతో, అప్పుడు కూడా భూమి గురించి కాకపోవచ్చు. నీ సీన్‌లో వాకిలి ఊడుస్తూ ఒక మనిషి ఉంది, ఆమెకి పేరు పెట్టలేదు, మూడు చాప్టర్లలోనూ ఒక్క మాట లేదు. ఆమె నీ సారియానా, నీ గోబర జెనానా అన్నది ముందు తేల్చుకో.

తిరగరాశాక చాప్టర్ మొత్తం పంపకు, ఆ అరుగు సీన్ ఒక్కటి చాలు. వచ్చే నెల పండగలకి ఊళ్లోనే ఉంటాను.

మీ అన్న