లాభం ఇవ్వాలంటే ముందు ట్యాక్స్ కట్టమంటున్నారు

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక షేర్ల టిప్స్ గ్రూప్‌లో చేరాను. నెలకు 10 శాతం గ్యారంటీ అన్నారు. సభ్యులు రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవారు. వాళ్లు చెప్పిన యాప్‌లో మొదట 20 వేలు వేస్తే, అడగగానే 5 వేలు వెనక్కి వచ్చాయి. ఆ నమ్మకంతో మొత్తం 6.4 లక్షలు పంపాను. యాప్‌లో ఇప్పుడు 19 లక్షలు చూపిస్తోంది. తీసుకోబోతే లాభంపై 20 శాతం ట్యాక్స్ ముందు కట్టాలంటున్నారు. చివరి 3 లక్షలు పంపి నాలుగు రోజులైంది. నా ఇష్టంతోనే పంపాను కదా, కేసు నిలబడుతుందా? నా మాట విని మా బావమరిది కూడా 80 వేలు పెట్టాడు. నా మీద కేసు పడుతుందా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ ట్యాక్స్ ఒక్క రూపాయి కూడా కట్టకండి. షేర్లు కొన్న ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభంపై పన్ను నిజంగానే 20 శాతం. అందుకే వాళ్ల మాట నమ్మేలా ఉంటుంది. కానీ ఆ పన్నును మన పాన్ నంబరు మీద మనమే ఆదాయపు పన్ను శాఖకు కడతాం. పన్ను తనకు పంపితేనే మీ డబ్బు ఇస్తానని ఏ బ్రోకరూ అడగడు. మీరు ఆ రెండున్నర లక్షలు కడితే తర్వాత మరో ఫీజు పేరు చెబుతారు.

మీ పేరున షేర్లు కొన్నారో లేదో తేల్చుకోవడం కష్టం కాదు. కొన్న షేరు ఏదైనా, షేర్లను భద్రపరిచే సంస్థలైన CDSL లేదా NSDLలో మీ డీమ్యాట్ ఖాతాకు చేరాలి. మీ పాన్ మీద వచ్చే స్టేట్‌మెంట్‌లో అవి లేకపోతే యాప్‌లోని 19 లక్షలు ఎవరో టైప్ చేసిన అంకె మాత్రమే. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో కూడా చూడండి. ఏదో ట్రేడర్స్, ఎంటర్‌ప్రైజెస్ పేరున్న ఖాతాలకో, వ్యక్తుల ఖాతాలకో వెళ్లి ఉంటే అనుమానమే అక్కర్లేదు.

ఇష్టంతో పంపినంత మాత్రాన కేసు పోదు. అబద్ధం చెప్పి నమ్మించి, మనిషి తన చేతులతోనే డబ్బు ఇచ్చేలా చేయడాన్నే చట్టం మోసం అంటుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద దీనికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66డి కూడా వర్తిస్తుంది. అయితే బ్యాంకు నుంచి డబ్బు రాబట్టే విషయంలో మాత్రం మీ ఇష్టం అడ్డొస్తుంది. మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు ఉండే రక్షణ, మీరే పంపిన వాటికి సాధారణంగా దొరకదు. అందుకే డబ్బును దారిలో ఆపడమే ముఖ్యం.

ఇది చదివిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.inలో ఫిర్యాదు పెట్టండి. ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే UTR నంబరు ఇవ్వండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుతూ పోతుంటే ఈ నంబరు పట్టుకునే వెంబడిస్తారు. ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ బ్యాంకు ఆ మేరకు ఆపేస్తుంది. నాలుగు రోజుల కిందటి 3 లక్షల్లో కొంతైనా దొరికే అవకాశం ఉంది. పాత చెల్లింపులపై అంత ఆశ పెట్టుకోలేం. గ్రూప్ నుంచి బయటికి రాకండి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఫోన్ మార్చకండి. లాభాల స్క్రీన్‌షాట్లు దాచండి గానీ, కేసుకు ప్రాణం బ్యాంకు స్టేట్‌మెంటే.

ఆగిన డబ్బు తనంతట తాను మీ ఖాతాలోకి రాదు. ఎఫ్ఐఆర్ అయ్యాక, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయాలి. తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా కూడా ఇలాంటి డబ్బు తిరిగి ఇప్పిస్తున్నారు. దర్యాప్తు అధికారిని ఆ సంగతి మీరే అడగండి. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నిరాకరిస్తే ఫిర్యాదును పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

మీరు పట్టించుకోని ఒక విషయం నాకు ఆందోళన కలిగిస్తోంది. మొదట వచ్చిన ఆ 5 వేలు చాలావరకు మీలాంటి మరో బాధితుడి డబ్బే అయి ఉంటుంది. అతను ఫిర్యాదు చేస్తే ఆ దారి మీ ఖాతాకూ వస్తుంది, ఖాతా ఆగిపోవచ్చు. కాబట్టి ఆ 5 వేల సంగతి ఫిర్యాదులో మీరే ముందుగా రాయండి.

ఇక బావమరిది మాట. మోసం నేరానికి మోసగించే ఉద్దేశం ఉండాలి. మీరు కూడా నమ్మి, మీ డబ్బే పోగొట్టుకున్నారు కాబట్టి ఆయనను చేర్చినంత మాత్రాన మీరు నిందితులు కారు. ఆయనను చేర్చినందుకు మీకు బోనస్ గానీ కమీషన్ గానీ వచ్చి ఉంటే మాత్రం పరిస్థితి మారుతుంది, దాన్ని మీ లాయర్‌ దగ్గర దాచకండి. ఆయన 80 వేలు ఆయన ఖాతా నుంచి వెళ్లాయి గనుక, ఆయన పేరుతో వేరే ఫిర్యాదు ఈ రోజే పెట్టించండి.