పర్లాకిమిడికి ఒక్క ఆటో లోడు పంపినా 40 లక్షల లెక్క పనికిరాదు

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు హోల్‌సేల్లో కొని ఇంట్లోనే ప్యాకెట్లు కట్టి అమ్ముతుంటాం. ఏడాదికి 26 లక్షల దాకా అమ్మకం. 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదని ఒకరు, 20 దాటితే తీసుకోవాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? తీసుకుంటే ఏ కాగితాలు అడుగుతారు?

ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆ 20 లక్షలాయన బహుశా హైదరాబాద్ వాళ్ల యూట్యూబ్ వీడియో చూసుంటాడు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి పరిమితిని 40 లక్షలకి పెంచింది 2019 ఏప్రిల్ నుంచి. ఆంధ్రాలో అది వర్తిస్తుంది, తెలంగాణ మాత్రం 20 దగ్గరే ఉండిపోయింది. తెలుగులో జీఎస్టీ వీడియోలు చేసేవాళ్లలో సగంమంది ఏ రాష్ట్రం లెక్క చెప్తున్నారో చెప్పరు, కింద కామెంట్లలో అడిగితే లైక్ కొట్టి వదిలేస్తారు. మా బావమరిది ఉండేది కూకట్‌పల్లిలో, వాడు చూసేది అవే వీడియోలు, నాకు ఫోన్ చేసి టెన్షన్ పెట్టేది కూడా వాటి గురించే.

అయితే నన్నడిగితే మన జిల్లాలో అమ్మకం ఎంత అన్నది రెండో ప్రశ్న. సరుకు ఎక్కడికి పోతోంది అన్నది మొదటి ప్రశ్న. నాది పాతపట్నంలో హార్డ్‌వేర్, శానిటరీ కొట్టు. ఇక్కడ తెలియనివాళ్లకి చెప్తున్నా, పాతపట్నం దాటగానే పర్లాకిమిడి, అంటే ఒడిశా. వాళ్లు మా కొట్టుకొస్తారు, మేం సినిమాకి, సంతకి అటు పోతాం, మధ్యలో రాష్ట్రం మారిందన్న సంగతి బోర్డు చూస్తే తప్ప ఎవరికీ గుర్తుండదు. జీఎస్టీకి మాత్రం బాగా గుర్తుంటుంది. రాష్ట్రం దాటించి పన్ను పడే సరుకు అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి, అక్కడ 20 లేదు, 40 లేదు.

మా కొట్టు అమ్మకం 40 లక్షలకి చాలా దూరం, అందుకే చాలాకాలం రిజిస్ట్రేషన్ లేకుండానే నడిచింది, అందులో తప్పేమీ లేదు. పర్లాకిమిడి మనిషి కౌంటర్ దగ్గరకొచ్చి డబ్బులిచ్చి నాలుగు కుళాయిలు సంచిలో వేసుకుపోతే, బిల్లు మీద అతని చిరునామా రాయనంతవరకూ అది మన రాష్ట్రంలో అమ్మకమే. పోయినేడాది అక్కడ ఇల్లు కడుతున్న మేస్త్రీ ఒకాయన కమోడ్లు, పైపులు, వాటర్ ట్యాంకు మొత్తం ఆర్డర్ ఇచ్చి సైటు దగ్గర దింపమన్నాడు. ఆటో మేం మాట్లాడాలి, సరుకు అక్కడ అప్పజెప్పాలి, బిల్లు ఇంటి యజమాని పేరు మీద, చిరునామాతో. ఇది అంతర్రాష్ట్ర అమ్మకం. అదే సరుకు, అదే మనిషి, దింపే చోటు మారింది అంతే. ఆర్డర్ ఆపి ముందు రిజిస్ట్రేషన్ పెట్టాం.

మీ విషయానికొస్తే, కాశీబుగ్గ, టెక్కలి, శ్రీకాకుళం షాపులకి వేసుకుంటూ ఉంటే 26 లక్షలకి మీకు జీఎస్టీ అక్కర్లేదు. కానీ పలాసలో పప్పు ప్యాకెట్లు కట్టి ఒడిశాలోని బరంపురం వేయనివాళ్లు ఎవరండీ? అది వదిలేయండి, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని హైదరాబాద్‌కి కొరియర్ చేసినా అంతర్రాష్ట్రమే. మనవాళ్ల బుర్రలో హైదరాబాద్ ఇంకా మన ఊరే, 2014 తర్వాత చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం. ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల్లో పెట్టి అమ్మేవాళ్లకి 2023 అక్టోబర్ నుంచి కొంచెం వెసులుబాటు ఇచ్చారు, పరిమితి లోపల ఉంటే పోర్టల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని అమ్ముకోవచ్చు. అది కూడా సొంత రాష్ట్రంలో కొనేవాళ్లకే.

ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది ఆడిటర్లే దాటేస్తారు. 40 లక్షలు అన్నది సరుకు 'మాత్రమే' అమ్మేవాళ్లకి. పక్కన ఏదైనా సేవ మీద ఆదాయం ఉంటే మళ్లీ 20 లక్షలే. ఉదాహరణకి మీరు 26 లక్షల పప్పు అమ్ముతూ, ఇంటి ముందు గదిని సెల్ ఫోన్ కొట్టుకి నెలకి 8 వేలకి అద్దెకిచ్చారనుకోండి. ఏడాదికి వచ్చేది 96 వేలే, కానీ అది సేవ. మీరిప్పుడు సరుకు మాత్రమే అమ్మేవాళ్లు కారు, మొత్తం 26 లక్షల 96 వేలు, 20 దాటిపోయారు. మీ ఊళ్లో ఇంకొకటి కూడా చూసుకోవాలి, వేరేవాళ్ల పప్పు తెచ్చి గ్రేడింగ్ చేసి, ప్యాకింగ్ చేసి కూలి తీసుకుంటే అది కూడా సేవే. అప్పులిచ్చి వడ్డీ తీసుకుంటే మాత్రం ఈ మెలిక తగలదు, వడ్డీని విడిగా మినహాయించారు. వడ్డీ వ్యాపారం చేసేవాడికి వెసులుబాటు, గది అద్దెకిచ్చుకున్నవాడికి లేదు, ఎవరు ఆలోచించి పెట్టారో తెలీదు. టర్నోవర్ లెక్క పాన్ కార్డు మీద వేస్తారు కాబట్టి అదే పాన్ మీద విజయనగరంలో ఇంకో వ్యాపారం ఉంటే అదీ కలుస్తుంది, పన్ను లేని సరుకు అమ్మకం కూడా కలుస్తుంది.

ఇక కాగితాలు. సొంత వ్యాపారమైతే చూడ్డానికి చాలా తక్కువే. పాన్, ఆధార్, ఫోటో, వ్యాపారం చేసే చోటుకి రుజువు. బ్యాంకు ఖాతా వివరాలు తర్వాతైనా ఇవ్వచ్చు, రిజిస్ట్రేషన్ వచ్చిన 30 రోజుల్లో, లేదా అమ్మకాల రిటర్న్ GSTR-1 మొదటిసారి వేసేలోపు, ఏది ముందైతే అది. భాగస్వామ్యమైతే డీడ్ కూడా కావాలి. ప్రభుత్వ ఫీజు అంటూ రూపాయి లేదు. దరఖాస్తు పెట్టే ఆయన 'చలానా ఖర్చు' అని అడిగితే ఏ చలానా అని అడగండి.

తంటా అంతా ఆ చోటు రుజువు దగ్గరే. మా కొట్టు నాన్న ఇంటి ముందు భాగం. ఇంటి పన్ను నాన్న పేరు మీద, కరెంటు సర్వీసు మాత్రం ఎప్పుడో పోయిన మా తాతగారి పేరు మీద. మన వైపు సగం ఇళ్ల కథ ఇదే. మాకు దరఖాస్తు పెట్టిన కన్సల్టెంట్ కరెంటు బిల్లు ఒక్కటీ అప్‌లోడ్ చేసి సబ్మిట్ కొట్టేశాడు. అధికారి దగ్గర్నుంచి వివరణ అడుగుతూ REG-03 నోటీసు వచ్చింది, బిల్లులో పేరుకి, దరఖాస్తుదారుకి సంబంధం ఏంటని. న్యాయంగానే అడిగారు. గోలేంటంటే ఆ నోటీసు నాకు రాలేదు, ఎందుకంటే దరఖాస్తులో మెయిలూ ఫోనూ కన్సల్టెంట్ తనవే ఇచ్చుకున్నాడు. REG-03 కి ఏడు పనిదినాల్లో REG-04 లో జవాబివ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఆ కన్సల్టెంట్ చెల్లెలి పెళ్లి పనుల్లో ఉన్నాడట. నేను దరఖాస్తుకి ఇచ్చే ఏఆర్ఎన్ నంబరు అడిగి తీసుకుని gst.gov.in లో స్టేటస్ చూస్తే 'Pending for Clarification' అని ఉంది.

అప్పుడు చేసింది ఇది. కరెంటు బిల్లు పక్కన పెట్టి నాన్న పేరు మీదున్న ఇంటి పన్ను రసీదు, నాన్న ఆధార్, తెల్లకాగితం మీద నాన్న రాసిన సమ్మతి పత్రం, మూడూ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి జవాబుగా పెట్టాం. ఆ సమ్మతి పత్రం రాయించడమే పెద్ద పని అయింది. "నా కొట్లో నా కొడుకు కూకోడానికి నేను కాగితం రాయాలేటిరా?" అని నాన్న పెన్ను పట్టుకోనంటాడు. చివరికి నాలుగు ముక్కలు రాశాం: ఫలానా డోర్ నంబరు ఇల్లు నాది, ముందు గది మా అబ్బాయి వ్యాపారానికి వాడుకోడానికి నాకు అభ్యంతరం లేదు, సంతకం, తేదీ. డోర్ నంబరు పన్ను రసీదులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి, దరఖాస్తులోనూ అదే ఉండాలి. ఆ జవాబుతో రిజిస్ట్రేషన్ వచ్చేసింది. మధ్యలో కన్సల్టెంట్ వంద రూపాయల స్టాంపు పేపర్, నోటరీ అన్నాడు. సొంత తండ్రి ఇంటికి అవసరం లేదు. 2025 ఏప్రిల్లో కేంద్ర పన్నుల బోర్డు తన అధికారులకి ఇచ్చిన సూచనల్లో (Instruction 03/2025) స్పష్టంగా ఉంది, భార్యాభర్తలు, బంధువుల ఇల్లయితే తెల్లకాగితం మీద సమ్మతి, వాళ్ల గుర్తింపు కార్డు, ఇంటి మీద హక్కు చూపే ఒక కాగితం చాలు. సొంత ఇల్లయితే పన్ను రసీదో, కరెంటు బిల్లో ఏదో ఒకటి చాలు. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందంతో పాటు యజమాని పేరు మీదున్న ఒక కాగితం, ఒప్పందం రిజిస్టర్ కాకపోతే యజమాని గుర్తింపు కార్డు కూడా. కరెంటు సర్వీసు మీ పేరు మీదే ఉంటే ఒప్పందం, ఆ బిల్లు సరిపోతాయి. అవి కేంద్రం వాళ్లకిచ్చిన సూచనలు, మీ దరఖాస్తు రాష్ట్ర అధికారికి కూడా పడొచ్చు, అయినా ఈ లెక్కలో కాగితాలు పెట్టుకుంటే అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

కాబట్టి మెయిలూ ఫోనూ మీవే ఇవ్వండి, ఆధార్‌కి లింకైన నంబరు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. దరఖాస్తు మొదటి భాగం అవగానే వచ్చే టీఆర్ఎన్ అనే తాత్కాలిక నంబరు పదిహేను రోజులే ఉంటుంది, ఈలోపు మిగతాది నింపాలి. ఆంధ్రాలో కొంతమందికి ఆధార్ ఓటీపీతో అవదు, జీఎస్టీ సువిధా కేంద్రానికి వచ్చి వేలిముద్ర వేయమని లింకు వస్తుంది, అప్పుడు ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి.

ఒక్క మాట, బరంపురం, హైదరాబాద్ పార్సిళ్ల కోసం మీరు రిజిస్ట్రేషన్ తీసుకుంటే చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్ పెట్టమని ఎవరైనా అంటే వినకండి. అమ్మకం మీద 1 శాతం పన్నే అని ఆశ పెడతారు కానీ కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. మీకు రెగ్యులరే. జీడిపప్పు మీద 5 శాతం, మీరు కొనేటప్పుడు కట్టిన పన్ను అందులో తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు పెడితే అప్పటికి ఇంట్లో ఉన్న స్టాకు మీద కట్టిన పన్నుకి కూడా క్రెడిట్ వస్తుంది, అందుకని ఇప్పట్నుంచే పప్పు బిల్లు మీద కొనండి. చీటీ మీద రాసిచ్చే బేరం ఒక రూపాయి చౌకగా కనిపిస్తుంది గానీ ఆ చీటీకి క్రెడిట్ రాదు.