ఒకే లెక్కకు రెండు జవాబులు ఎందుకు వస్తున్నాయి?

*ప్రశ్న: మాది అమలాపురం. బి.కాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్ క్విజ్‌లో ఒక ప్రశ్న ఇలా వచ్చింది: "ఆత్రేయపురంలోని ఒక దుకాణంలో ఆరు రోజుల్లో అమ్ముడైన పూతరేకుల పెట్టెలు 12, 18, 15, 22, 15, 20. మీన్, మీడియన్, మోడ్, స్టాండర్డ్ డీవియేషన్ కనుగొనండి." మొదటి మూడూ సరిపోయాయి. ఎక్సెల్‌లో STDEV వాడితే 3.69 వచ్చింది, ఫోనులోని క్యాలిక్యులేటర్ యాప్‌లో 3.37 వచ్చింది. ఆప్షన్లలో రెండూ ఉన్నాయి. ఎక్సెల్ తప్పా, యాప్ తప్పా?*

రెండూ తప్పు కాదు. అవి రెండు వేర్వేరు సూత్రాలతో లెక్క కట్టాయి. ఈ ప్రశ్నకు మాత్రం నేను 3.37 ఎంచుకుంటాను. కారణం తెలియాలంటే ఒకసారి కాగితం మీద చేసి చూడండి.

ఆరు రోజుల మొత్తం 102 పెట్టెలు, సగటు 17. ప్రతి రోజు అమ్మకంలోంచి 17 తీసేస్తే వరుసగా −5, 1, −2, 5, −2, 3 వస్తాయి. వీటి వర్గాలు 25, 1, 4, 25, 4, 9. కలిపితే 68. ఇక్కడిదాకా ఎక్సెల్, మీ యాప్ ఒకే దారిలో వచ్చాయి. యాప్ ఈ 68ని 6తో భాగించింది. 11.33 వచ్చింది, దాని వర్గమూలం 3.37. ఎక్సెల్ 5తో భాగించింది. 13.6 వచ్చింది, దాని వర్గమూలం 3.69.

ఉన్నవి ఆరు రోజులైతే 5తో ఎందుకు భాగించాలి? ఆ ఆరు రోజులూ ఏడాది మొత్తం అమ్మకాల్లోంచి తీసుకున్న నమూనా మాత్రమే అనుకోండి. ఏడాది అసలు సగటు మనకు తెలియదు, అందుకే నమూనా సగటు 17నే వాడుకున్నాం. చిక్కు అక్కడే ఉంది. ఏ అంకెల సమూహానికైనా వర్గాల మొత్తం తన సొంత సగటు దగ్గరే అతి తక్కువగా ఉంటుంది. 17 బదులు 18 పెట్టి చూడండి, 68 కాస్తా 74 అవుతుంది. అంటే నమూనా సగటుతో కొలిచినప్పుడు చెదురు ఉండాల్సినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆ లోటు సరిచేయడానికే భాజకాన్ని ఒకటి తగ్గిస్తారు. దీన్ని బెస్సెల్ సవరణ అంటారు.

మీ ప్రశ్నలో నమూనా అన్న మాటే లేదు. ఇచ్చిన ఆరు రోజుల అమ్మకాల చెదురు ఎంత అని మాత్రమే అడిగారు. మన బి.కాం పాఠాల్లో ఈ అధ్యాయం సాధారణంగా N తోనే భాగిస్తుంది. అందుకే 3.37. ప్రశ్నలో "శాంపిల్" అని గానీ, "అంచనా వేయండి" అని గానీ, σ బదులు s గుర్తు గానీ కనిపిస్తే అప్పుడు 3.69 పెట్టండి. నిజానికి రెండు విలువలనూ ఆప్షన్లలో పెట్టి, ఏది కావాలో చెప్పకపోవడం ప్రశ్న రాసినవారి లోపం. కీలో 3.69 ఉంటే పై లెక్క చూపించి మీ అధ్యాపకులను తప్పకుండా అడగండి.

ఎక్సెల్‌లో పాత STDEV ఎప్పుడూ నమూనా సూత్రాన్నే వాడుతుంది. 2010 వెర్షన్ నుంచి తేడా పేరులోనే తెలిసేలా రెండు ఫంక్షన్లు ఉన్నాయి. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే పనిచేస్తాయి.

```
=STDEV.P(A1:A6)
=STDEV.S(A1:A6)
```

మొదటిది 6తో భాగించి 3.37 ఇస్తుంది, రెండోది 5తో భాగించి 3.69 ఇస్తుంది. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ మీద σn లేదా σx మొదటిదానికి, σn−1 లేదా sx రెండోదానికి గుర్తు. నూరు అంకెలుంటే ఈ రెండు జవాబుల మధ్య తేడా అర శాతం మాత్రమే. ఆరే ఉన్నప్పుడు దాదాపు తొమ్మిదిన్నర శాతం. క్విజ్‌లో ఇచ్చేవన్నీ చిన్న పట్టికలే కాబట్టి ఈ చిక్కు అక్కడే ఎక్కువగా ఎదురవుతుంది.

ఎప్పుడైనా మీకు వచ్చిన జవాబు ఈ రెండింటిలో ఏదీ కాకపోతే మాత్రం సూత్రాన్ని అనుమానించకండి, అంకెలను చూడండి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు ఒక్కోసారి అంకె పక్కన కనిపించని ఖాళీ ఒకటి అతుక్కుని వస్తుంది. అప్పుడు ఎక్సెల్ దాన్ని అక్షరంగా భావించి, చెప్పకుండానే వదిలేస్తుంది. ఉదాహరణకు 22కు అలా జరిగితే ఎర్ర గుర్తేమీ రాదు. సగటు 16, మీడియన్ 15, STDEV 3.08 అని నిబ్బరంగా చూపిస్తుంది. మోడ్ మాత్రం 15గానే ఉంటుంది కాబట్టి అది సరిపోయిందని నమ్మకూడదు. ఏ లెక్కకైనా ముందు పక్క గడిలో ఇది కొట్టండి:

```
=COUNT(A1:A6)
```

6 రాకపోతే, గడిలో ఎడమ అంచుకు జరిగి కూర్చున్న అంకె ఏదో చూసి, దాన్ని చెరిపి చేత్తో మళ్లీ టైప్ చేయండి.