ఆర్కిటెక్ట్ బయో రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన బయో రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. చిక్కల్లా మొదటి రెండు వాక్యాల మధ్యే ఉంది. "ప్రకృతితో మమేకమై, కాలానికి నిలిచే, మనిషే కేంద్రంగా సాగే డిజైన్ మా నమ్మకం" అని మొదలుపెట్టావు, ఆ వెంటనే "ఇళ్లు, స్కూళ్లు, క్లినిక్‌లు, ఆఫీసులు, ఇంటీరియర్స్ చేశాం" అన్నావు. ఆ నమ్మకానికీ ఈ జాబితాకీ సంబంధం ఏంటో చదివేవాడికి అందదు. పైగా మనిషిని పక్కన పెట్టి కడతాం అని చెప్పుకునే ఆర్కిటెక్ట్ ఎవరైనా ఉంటారా? ఎదురు మాట ఎవరూ అనలేనప్పుడు, ఆ మాట వల్ల ఈ ఆర్కిటెక్ట్ గురించి తెలిసేది ఏమీ ఉండదు.

అందుకే ఫిలాసఫీ ముందు రాసేసి, దాని కింద ప్రాజెక్టులు అమర్చే పద్ధతి వదిలెయ్. ప్రాజెక్టుల దగ్గర మొదలుపెట్టు. "మీ డిజైన్ ఫిలాసఫీ ఏంటండీ" అని అడిగితే ఎంత మంచి ఆర్కిటెక్ట్ అయినా ఎక్కడో చదివిన మాటలే చెబుతారు, అది వాళ్ల తప్పు కాదు, ప్రశ్నే అలాంటిది. బడ్జెట్ తగ్గినప్పుడు ఏది తీసేశారు, ఏది మాత్రం తీయనివ్వలేదు? క్లయింట్‌తో ఎక్కడ వాదన పడింది? ఇలా అడుగు. ఫొటోలు చూసి రాయొద్దు, అవన్నీ సాయంత్రం వెలుతురులో అందంగా తీసినవి, నిర్ణయాలు వాటిలో కనపడవు. ప్లాన్లు, సెక్షన్ డ్రాయింగులు అడిగి తీసుకో. నీకు అవి చదవడం రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకో, ఒక గంట చాలు.

నేను రాసిన ఒకావిడ బయో సంగతి చెబుతాను. ఒక ఇల్లు, ఒక ప్రైమరీ స్కూలు, ఒక పళ్ల డాక్టరు క్లినిక్, పాత గోదాముని ఆఫీసుగా మార్చిన పని, ఆవిడ చూపించినవి ఈ నాలుగే. పైకి చూస్తే ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఇంట్లో మెట్ల మధ్య ల్యాండింగ్ మామూలుగా మూడు, మూడున్నర అడుగులు ఉంటుంది కదా, ఆవిడ దాన్ని ఆరడుగులు చేసి కిటికీ పక్కన కూర్చునే అరుగు పెట్టారు. స్కూల్లో కారిడార్ పది అడుగుల వెడల్పు, గోడ పొడవునా పిల్లల ఎత్తుకి గట్టు. క్లినిక్‌లో వెయిటింగ్ కుర్చీలు ఎదురెదురుగా లేవు, అన్నీ చిన్న పెరటి వైపు తిరిగి ఉన్నాయి. ఈ చోటంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఇంట్లో విడిగా డైనింగ్ రూమ్ వదులుకున్నారు. స్కూల్లో స్టాఫ్ రూమ్ చిన్నదైంది, దాని కోసం మేనేజ్‌మెంట్‌తో చాలా రోజులు మాట్లాడాల్సి వచ్చింది. క్లినిక్‌లో రిసెప్షన్ కౌంటర్ సగానికి తగ్గింది. అంటే మనుషులు నడిచే చోట, ఎదురుచూసే చోట ఆవిడ చోటు ఖర్చు పెడతారు, గదుల దగ్గర పొదుపు చేస్తారు. ఇది ఆవిడ ఎప్పుడూ నోటితో అనని మాట, కానీ మూడు భవనాల్లో చేసి చూపించారు.

అక్కడి నుంచి బయో తనంతట తానే వచ్చింది. మొదటి భాగం ఇలా రాశాను:

"ఇళ్లు, స్కూళ్లు, క్లినిక్‌లు డిజైన్ చేస్తాను. ఏది కట్టినా మెట్లు, వరండా, వెయిటింగ్ హాల్ లాంటి చోట్లను ముందు గీస్తాను, ఎందుకంటే మనుషులు ఒకరికొకరు తారసపడేది అక్కడే. ఒక ఇంట్లో విడి డైనింగ్ రూమ్ వదులుకుని మెట్ల మధ్య కూర్చునే చోటు ఇచ్చాం. ఒక స్కూల్లో కారిడార్‌ను పది అడుగులకు పెంచాం, ఇంటర్వెల్‌లో పిల్లలు అక్కడే కూర్చుని చదువుకుంటారు."

ఇందులో "మనిషే కేంద్రంగా" అన్న మాట లేదు, గమనించు. ఏం వదులుకుని ఏం సాధించారో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. వదులుకున్నది చెప్పడానికి చాలామంది ఆర్కిటెక్టులు భయపడతారు, క్లయింట్ జడుసుకుంటాడని. నా అనుభవంలో విడి డైనింగ్ రూమ్ తప్పనిసరి అనుకునేవాళ్లు ఫోన్ చేయకుండా ఆగిపోతారు, అది ఇద్దరికీ మేలే.

పేరున్నవాళ్లలో ఈ పొందిక ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఫ్రాన్స్‌లో లకటన్, వసాల్ ద్వయం పని చూడు, 2021లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చిందే, వాళ్లు. ఉన్నదాన్ని కూల్చొద్దు అన్నది వాళ్ల వాదన. 1996లో బోర్డో నగరంలో ఒక చిన్న కూడలిని అందంగా మార్చమని పని ఇస్తే, అక్కడివాళ్లతో మాట్లాడి, అది ఇప్పటికే బాగుంది, కంకర మార్చి చెట్లు చూసుకుని శుభ్రంగా ఉంచితే చాలన్నారు. తర్వాత అదే నగరంలో 530 ఫ్లాట్లున్న పాత బ్లాకుల్ని కూల్చకుండా, జనాన్ని ఖాళీ చేయించకుండా, ఇంకొందరు ఆర్కిటెక్టులతో కలిసి బయటి వైపు అద్దాల వరండాలు జోడించారు. కూడలి వేరు, ఫ్లాట్లు వేరు, అయినా తీసుకున్న నిర్ణయం ఒక్కటే. నువ్వు బయోలో రాయాల్సింది ఆ నిర్ణయాన్ని.

ఇక ఆవిడ నాలుగో ప్రాజెక్టు, గోదాము. అది ఈ వరసలోకి రాలేదు. అక్కడ అద్దెదారు లేఅవుట్ ముందే ఖరారు చేసేశారు, ఆవిడ చేసింది పైకప్పు, వెలుతురు పని. దాన్ని కూడా ఎలాగైనా ఇరికిద్దామా అనిపిస్తుంది, వద్దు. ప్రాజెక్టుల పేజీలో ఉంచి బయోలోంచి తీసేశాం. అన్నీ కలిసేలా మాటని సాగదీస్తే మళ్లీ నీ మొదటి వాక్యం దగ్గరికే వస్తాం. అయితే ఒక లెక్క పెట్టుకో: ఒక్క ప్రాజెక్టులోనే కనిపించింది ఆ సైట్ వల్లో ఆ క్లయింట్ వల్లో జరిగి ఉండొచ్చు, కనీసం రెండు వేర్వేరు రకాల భవనాల్లో కనిపించాకే దాన్ని ఆవిడ పద్ధతి అను. అప్పుడే మొదలుపెట్టిన ఆర్కిటెక్ట్‌కి అన్ని ఉండవు కదా అంటావేమో. అలాంటప్పుడు ఫిలాసఫీ వాక్యమే వద్దు, కట్టిన ఒక్క ఇంటి గురించి నాలుగు వాక్యాలు వివరంగా రాయి.

రాసేముందు ఇంకో సంగతి మర్చిపోకుండా అడుగు. నీ డ్రాఫ్టులో పెద్ద హాస్పిటల్ ప్రాజెక్టు ఒకటుంది, అది నువ్వు బయో రాస్తున్న ఆర్కిటెక్ట్ వేరే ఫర్మ్‌లో ఉద్యోగం చేసినప్పటిదని నాకు అనుమానం. అదే నిజమైతే ఫర్మ్ పేరు, అందులో ఆయన చేసిన భాగం రెండూ రాయాలి, "అవుట్‌పేషెంట్ విభాగం డ్రాయింగులు" అని చిన్నగా ఉన్నా సరే. అలాగే కట్టినవి, కడుతున్నవి, పోటీకి పంపి కాగితం మీదే ఉన్నవి ఒకే వాక్యంలో కలిపేయకు. త్రీడీ రెండర్ చూసి కట్టిన ఇల్లనుకుని వచ్చిన క్లయింట్ "వెళ్లి చూడొచ్చా" అని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు.

చదువు, అవార్డులు చివర్లో రెండు లైన్లు చాలు. ఫోన్‌లో తెరిచేవాడికి మొదట కనపడేది రెండు మూడు వాక్యాలే కాబట్టి ఏం కడతారు, ఎలా కడతారు అన్నవి అందులోనే రావాలి. మొత్తం నూటయాభై పదాలు దాటనివ్వకు.

ఈ వారం ఆయన్ని కలిసి ఆయన చేసిన స్కూలు, క్లినిక్ ప్లాన్లు తీసుకో. బడ్జెట్ తగ్గినప్పుడు ఏది తీయనివ్వలేదో అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు. బయో తర్వాత చూద్దాం.